మూత లోపలి నంబరు, డబ్బా అడుగు

తెల్లాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో, పోయి దొరికిన వస్తువుల రిజిస్టరు నేను చూస్తాను. అసోసియేషన్ వాళ్ళు అప్పగించారని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి నేనే అడిగి తీసుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దినవాణ్ణి. చదువుకునే రోజుల నుంచి రోజుకో పేజీ డైరీ రాస్తున్నాను. అలాంటివాడికి గీతలు కొట్టని ఖాళీ పుస్తకం కనబడితే చెయ్యి ఊరుకోదు.

రిజిస్టరుకు ఒక పద్ధతి పెట్టాను. వస్తువు ఎవరికి దొరికింది, ఎక్కడ, ఏ వేళకు అన్నది మొదటి మూడు గళ్ళలో రాస్తాను. తరవాత వస్తువును మిల్లీమీటర్ల గళ్ళున్న గ్రాఫు కాగితం మీద పెట్టి నాలుగు పక్కలా, పైనా, అడుగునా ఫోన్‌తో ఫోటోలు తీస్తాను. తెరుచుకునేదైతే తెరిచి మరొకటి. ఆఖరి గడిలో వస్తువు వివరం రాసి సంతకం పెడతాను. ఆ ఆఖరి గడిలో నేను రాసిన ఒక్క మాట కిందటేడు ఒకామె పని పోగొట్టబోయింది.

ఆమె మా క్లబ్‌హౌస్ ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ మనిషి. వనపర్తి వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త పక్క వెంచర్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. ఒక మంగళవారం ఉదయం జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద సీసా పెట్టుకునే గుంటలో ఆమెకు తెల్ల ఇయర్‌బడ్స్ డబ్బా దొరికింది. చీపురు అక్కడే వదిలి, కొంగులో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది.

"పెద్దసారు, ఇది ఎవరిదో. మస్తు ఖరీదుంటదట గద, జల్ది రాసుకోన్రి," అంది.

ఖరీదైన రకమే. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఐటీ కారిడార్‌లో ఆఫీసు బస్సు ఎక్కే వాళ్ళలో ఎందరి చెవుల్లో ఉంటాయో లెక్క లేదు. కాడ పొట్టిగా ఉండి, చెవిలోకి వెళ్ళే చోట మెత్తటి రబ్బరు తొడుగు ఉండే రకం. గ్రాఫు కాగితం మీద ఎప్పటిలాగే ఫోటోలు తీశాను. మూత తెరిస్తే లోపల సన్నని బూడిద రంగు అక్షరాలు కనిపించాయి. భూతద్దం పెట్టి చదివాను. ఒక్క అక్షరం తప్పు లేదు. అచ్చు అలుక్కుపోలేదు. వరస వంకర పోలేదు. కింద క్రమసంఖ్య ఉంది. దాన్ని కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూశాను. వెంటనే పేరూ, మోడలూ వచ్చాయి: 'ప్రో' రకం, రెండో తరం.

ఆ తృప్తితో ఆఖరి గడిలో రాశాను: "తెల్ల ఇయర్‌బడ్స్, ప్రో రెండో తరం, డబ్బాతో. అసలైనవి." సంతకం పెట్టాను. ఆ రోజు డైరీలో కూడా "నకిలీలు ఎన్నో తిరుగుతున్న కాలంలో ఇలాంటి శుభ్రమైన అచ్చు చూస్తే హాయిగా ఉంటుంది" అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. డైరీలో కొట్టివేతలు చెయ్యను.

డబ్బా అసోసియేషన్ ఆఫీసు బీరువాలోకి వెళ్ళింది. గురువారం సాయంత్రం దాని యజమాని వచ్చి తీసుకెళ్ళాడు. మూడో టవరులో ఉంటాడు. భీమవరం వైపు కుర్రవాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం. ట్రెడ్‌మిల్ మీద మరిచిపోయానని చెప్పాడు. దాన్ని ఫోన్ దగ్గర పెట్టి మూత తెరిస్తే తెర మీద ఇయర్‌బడ్స్ బొమ్మ, ఆయన పేరూ వచ్చాయి. అంతకంటే రుజువు అడగాలని నాకు తోచలేదు. సంతకం చేయించుకుని ఇచ్చేశాను.

తరవాతి బుధవారం ఉదయం పదింటికి అసోసియేషన్ మేనేజరు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, జర ఆఫీసుకు రాన్రి. రిజిస్టర్ పట్టుకొని రాన్రి."

వెళ్ళేసరికి ముగ్గురున్నారు. మేనేజరు కుర్చీలో ఉన్నాడు. భీమవరం అబ్బాయి ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తలుపు పక్కన, చేతిలో తడిగుడ్డతో. అది నేల మీద బొట్లు బొట్లుగా కారుతోంది. తుడిచే మనిషి నేల తడవడం పట్టించుకోలేదంటే విషయం చిన్నది కాదని నాకు అర్థమైంది.

"అంకుల్, నిన్న కుడివైపుది ఛార్జింగ్ ఎక్కట్లేదని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళానండి," అన్నాడు ఆ అబ్బాయి. "వాళ్ళు ఇలా చేతిలోకి తీసుకుని అలా వెనక్కిచ్చేశారు. ఇది మా కంపెనీది కాదు, డూప్లికేట్ అన్నారు. పది మంది ముందు. నాది అసలుదేనండి. మా బావమరిది నా పుట్టినరోజుకి ఇచ్చాడు, సీలు తియ్యని డబ్బా. మీరు కూడా అసలైనవని రాశారు కదా."

మేనేజరు రిజిస్టరు తన వైపు తిప్పుకుని నా రాత మీద వేలు పెట్టాడు. "ఇండ్ల సమజ్ చేసుకునేటందుకు ఏమున్నది సార్? బీరువాలకు పోయిన్నాడు అసల్. బయటికొచ్చిన్నాడు నకల్. నడుమ రెండు దినాలు. పొద్దుగాల ఆఫీస్ తాళం తీసేది ఎవరు? ఈమెనే."

"బీరువా చెవి మేకుకు తగిలిచ్చి ఉంటది," అందామె. "మీరు గూడ తీస్తరు గద సార్."

"నేను ఇయర్‌బడ్స్ ఏం చేసుకుంట?"

"నేనేం చేసుకుంట మరి? నాది బటన్ల ఫోన్. దాన్ల మా ఆయన మాటనే సక్కగ ఇనవడది, ఇగ పాటలు ఏమింట?"

మేనేజరు చూపు తిప్పుకున్నాడు. ఆమెను పనికి పంపే ఏజెన్సీ వాళ్ళకు చెప్పానని, సోమవారం నుంచి ఇక్కడికి రానివ్వనని అన్నాడు. టవరు వాట్సాప్ గ్రూపులో అప్పటికే "హౌస్‌కీపింగ్ వాళ్ళతో జాగ్రత్త" అని ఎవరో పెట్టారు. కింద బొటనవేలి బొమ్మలు వరసకట్టాయి.

"శనివారం సాయంత్రం దాకా ఆగండి," అన్నాను. "రాసింది నేను. చూడాల్సింది కూడా నేనే."

"చూస్తే ఏమొస్తది సార్?" అన్నాడు మేనేజరు.

"ఫోటోలున్నాయి."

బయటికి వస్తుంటే ఆమె వరండాలో నా పక్కన నడిచింది. గొంతు తగ్గించలేదు. "పెద్దసారు, మీ రాతతోనే నా మీదికొచ్చింది. ఆరేండ్లాయె నేను ఈడ చేయవట్టి. ఒక్క పిన్నీసు గూడ ఎత్తుకపోలే. మీరు రాసింది తప్పయితే తప్పని రాయున్రి. గంతే."

"చూస్తానమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చి మంగళవారం ఫోటోలు కంప్యూటరులో తెరిచాను. ఎన్నిసార్లు చూసినా అచ్చు బాగుంది. క్రమసంఖ్య మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మోడల్ వచ్చింది. అయితే సర్వీస్ సెంటరు మాట అబద్ధమై ఉండాలి, లేదా ఆమె నిజంగానే మార్చి ఉండాలి. రెండూ నా మనసుకు ఎక్కలేదు. మూడో దారి కూడా ఒకటుంది. అది నేను తప్పు చెయ్యడం. దాని గురించి ఆలోచించడానికి నాకు మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా పట్టింది.

మరునాడు చందానగర్ వెళ్ళాను. మార్కెట్ దారిలో పాత ఫోన్లు, ఇయర్‌బడ్స్ కొని బాగుచేసి అమ్మే చిన్న దుకాణం ఉంది. నా ఫోన్ తెర అక్కడే మార్పించాను. దుకాణదారు నలభై ఏళ్ళ మనిషి, సంగారెడ్డి అతను. అమ్మేవాళ్ళు ముందు వాట్సాప్‌లో ఫోటోలు పంపాలి, అవి నచ్చితేనే వస్తువు పట్టుకుని రమ్మంటాడు. రోజంతా అతని పని ఫోటోల్లో అసలునూ నకిలీనీ వేరు చెయ్యడమే.

నా ఫోన్ అతని చేతికిచ్చాను. వస్తువు సంగతి చెప్పాను, మనుషుల సంగతి చెప్పలేదు.

"ఫోటోలు మంచిగ తీసిన్రు సార్," అన్నాడు. "గిట్ల గళ్ళ కాగితం మీద పెట్టి నా కస్టమర్ ఒక్కడు తియ్యడు. ఒకడైతే బనీను మీద పెట్టి తీస్తడు. తెల్ల బనీను మీద తెల్ల డబ్బా. దేవుడే కొనాలె దాన్ని."

నేను మూత లోపలి ఫోటో చూపించబోయాను. అతను దాన్ని వేలితో పక్కకు తోసేశాడు. అడుగు ఫోటో తెరిచాడు.

"ఏ మోడల్ అని రాసిన్రు?"

"నంబరు కొడితే ప్రో రెండో తరం అని వచ్చింది."

"రెండో తరమైతే డబ్బా అడుగున స్పీకరుంటది సార్. డబ్బా ఎక్కడన్న పడిపోతే కూత పెట్టనీకి. ఛార్జింగ్ సందు పక్కన సన్న సన్న రంధ్రాలు కనవడాలె. ఏవి, మీ ఫోటోల?"

ఛార్జింగ్ సందు తప్ప అడుగంతా నున్నగా ఉంది.

"ఇగ కుడి పక్క చూడున్రి. డబ్బా ముందటి చిన్న లైటు మనదిక్కు పెట్టుకుంటే కుడి పక్కకు తాడు కట్టుకునే చిన్న సందుంటది, ఇనుప అంచుతోని. అది గూడ లేదు."

"మొదటి తరం డబ్బా అయి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. మొదటిదానికి స్పీకర్ లేదు, తాడు సందు లేదు. అయితే మూతల ఉన్న నంబర్ రెండోదానిది అంటున్నరు గద. ఒంటికి మొదటిదాని తీరు, పేరుకు రెండోది. కంపెనీల గట్ల ఎట్ల తయారైతది సార్? నంబర్ ఎవడైన గుద్దుకుంటడు. ఒక్క అసల్ పీసు నంబర్ పట్టుకొని వేల డబ్బాల మీద అదే కొడ్తరు. సైటుల కొడితే నంబర్ ఉన్నదని చెప్తది. మీ చేతిల ఉన్నది అదేనని చెప్పదు."

అతను తరవాతి ఫోటో తీశాడు. ఇయర్‌బడ్స్ రెండూ బయటపెట్టి, తలకాయల కింది వైపు కనిపించేలా నేను తీసింది. అక్కడ కంటికి ఆనీ ఆననట్టు మోడల్ సంఖ్య ఉంటుంది. ఇంగ్లీషు 'ఎ' అక్షరం, దాని వెనక నాలుగు అంకెలు.

"ఇది చదివిన్రా?"

"చదివాను. అంకెలు స్పష్టంగా ఉన్నాయి."

"రెండిటి మీద ఒకటే నంబర్ ఉన్నది సార్."

నేను కళ్ళజోడు సరిచేసుకున్నాను. కుడిదాని మీదా, ఎడమదాని మీదా అవే నాలుగు అంకెలు. అతను సొరుగులోంచి అసలైన జత ఒకటి తీసి నా ముందు పెట్టాడు. భూతద్దం కింద చూశాను. ఒకదాని మీద ఉన్న సంఖ్యకు రెండోదాని మీద ఉన్నది పక్క సంఖ్య. ఎడమ, కుడి వేరు వేరు వస్తువులు గనక వాటి సంఖ్యలు కూడా వేరు.

నా వృత్తి నన్నెక్కడ మోసం చేసిందో అప్పుడు తెలిసింది. ప్రూఫు దిద్దేవాడు అక్షరం సరిగా పడిందా లేదా అని చూస్తాడు. అక్షరం చెప్పే మాట నిజమా కాదా అన్నది అతని పని కాదు, అది రచయిత చూసుకోవాలి. మూత లోపల నేను చదివింది తప్పుల్లేని ప్రూఫు. దాన్ని నేను వస్తువు అనుకున్నాను.

అతను ఇంకా చూపించాడు. అసలుదాని కాడ ముందు వైపు నొక్కడానికి చదునుగా లోపలికి చెక్కినట్టుంటుంది. నా ఫోటోలో అక్కడ గుండ్రంగా ఉబ్బి ఉంది. కాడ పక్కన రెండు ప్లాస్టిక్ ముక్కలు అతికిన గీత సన్నగా కనిపిస్తోంది. అసలుదానికి ఆ గీత ఉండదు. డబ్బా వెనక ఇనుప మడతబందు ప్లాస్టిక్‌తో సమంగా కూచోక అంచున నల్లటి సందు వదిలింది. గ్రాఫు గళ్ళు లెక్కపెడితే ఇయర్‌బడ్ పొడవు కూడా ఎక్కువగానే తేలింది. అసలుది ముప్పై ఒక్క మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, నా ఫోటోలోది ముప్పై మూడు దాటింది. అయితే వస్తువు కాగితానికి కాస్త ఎత్తులో ఉంటుంది, కెమెరాకు దగ్గరవుతుంది గనక కొంచెం పెద్దగా పడుతుంది. అందుకని ఆ లెక్కను పక్కన పెట్టాను. అతను మెచ్చుకోలుగా తల ఊపాడు.

"ఇంకొకటి సార్. అక్షరాల రంగు తేలిగ్గున్నదా, గాఢంగున్నదా అని ఫోటోల చూసి చెప్పకున్రి. లైటు మారితే రంగు మారుతది. నేను ఆకారం చూస్త, సందులు చూస్త, నంబర్ ఆఖరుకు చూస్త."

"ఫోన్ తెర మీద బొమ్మ, పేరు వచ్చాయి మరి?"

"గవి గూడ వస్తయి. నకల్ చిప్‌ల గూడ గా మంత్రం ఎక్కిచ్చిన్రు."

ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను. నా పద్ధతిలో అలా రాసిన రోజులు తక్కువ.

ఇక ఒకటి తేలింది. బీరువాలోకి వెళ్ళిన రోజే అది నకిలీ. అంటే బీరువాలో ఎవరూ మార్చలేదు. శుక్రవారం ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి, డబ్బా అడిగి తీసుకుని మళ్ళీ అదే గ్రాఫు కాగితం మీద పెట్టి ఫోటోలు తీశాను. వెనక మడతబందు కింద దోసగింజంత గీత ఒకటుంది. మంగళవారం ఫోటోలోనూ అదే చోట, అదే వంపుతో ఉంది. రెండూ ఒకటే డబ్బా.

ఇది చెబితే అతను వెంటనే అన్నాడు, "అయితే బీరువాలోకి రాకముందే మార్చి ఉంటుందండి. జిమ్‌లో ఎత్తుకున్నప్పుడే."

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి.

"బాబూ, పోకముందు నువ్వు తీసుకున్న ఫోటో ఏదైనా ఉందా? డబ్బా బాగా కనబడేది."

"పుట్టినరోజున మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టానండి. వెతికి శనివారం తెస్తాను."

శనివారం నాలుగింటికి ఆఫీసులో మళ్ళీ అందరం కూచున్నాం. ఆమెను కూచోమంటే కూచోలేదు. చేతిలో గుడ్డ లేదు ఈసారి, చేతులు కట్టుకుని నిలబడింది.

అతను ఫోటో చూపించాడు. అరచేతిలో డబ్బా, మూత తెరిచి ఉంది, వెనక కేకు, ఎవరివో సగం మొహాలు. అరచెయ్యి కొంచెం ఎడమకు తిరగడం వల్ల డబ్బా ముందు వైపూ, కుడి పక్కా రెండూ కనిపిస్తున్నాయి. పెద్దది చేస్తే మూత లోపలి క్రమసంఖ్య కూడా చదవగలిగేలా ఉంది. చదివాను. మంగళవారం నేను తీసిన ఫోటోలో ఉన్న సంఖ్యే.

"నంబర్ కలిసింది గద," అన్నాడు మేనేజరు. "అయితే ఇదే అది. ఈమె మార్చలేదు. అయిపోయింది సార్."

అది విని ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. నేను కూడా అక్కడ ఆపి ఉండేవాణ్ణి, పది రోజుల క్రితమైతే.

"అయిపోలేదు," అన్నాను. "నంబరు కలిస్తే సరిపోదు. ఇదే నంబరు అసలు పీసు మీద కూడా ఎక్కడో ఉంటుంది. ఈ అబ్బాయికి వచ్చింది ఆ అసలుదే అనుకోండి, తరవాత దాని నంబరే గుద్దిన నకిలీ పెట్టారని రేపు ఎవరైనా అనొచ్చు. నంబరు పట్టుకుని ఒకసారి తప్పు చేశాను, మళ్ళీ చెయ్యను."

"మరి ఎట్ల?"

"కుడి పక్క చూడండి."

ముందు ఆ ఫోటో అద్దంలోలా తిరగబడిందేమోనని చూశాను. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో కుడి ఎడమైపోతుంది. కానీ మూత లోపలి అక్షరాలు నేరుగానే చదవొస్తున్నాయి గనక తిరగబడలేదు. చిన్న లైటు మన వైపే ఉంది. కాబట్టి కుడి పక్క కుడి పక్కే. అక్కడ తాడు కట్టుకునే సందు లేదు. నున్నటి తెల్ల ప్లాస్టిక్. కేకు మీది కొవ్వొత్తి వెలుతురు దాని మీద జారిపోతోంది. దాని పక్కన దుకాణదారు తన అసలు జత డబ్బాకు తీసి పంపిన ఫోటో పెట్టాను. ఇనుప అంచున్న చిన్న సందు స్పష్టంగా ఉంది.

"మూత లోపలి నంబరు రెండో తరానిది. ఆ నంబరున్న అసలు డబ్బాకు ఈ సందు ఉండి తీరాలి. నీ పుట్టినరోజు ఫోటోలోనే అది లేదు," అన్నాను ఆ అబ్బాయితో. "నీ చేతికి వచ్చిన రోజునే ఇది నకిలీ, బాబూ."

అతను ఫోన్ తన దగ్గరికి లాక్కుని రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తెలివైనవాడు. చూపించాక ఇక వాదించలేదు.

"అయితే మా బావమరిది..." అన్నాడు, ఆగాడు. "వాడు ఎవరో తెలిసినాయన దగ్గర ఆఫర్‌లో తీసుకున్నానన్నాడండి. వాణ్ణి కూడా మోసం చేసి ఉంటారు."

"అదే అయి ఉంటుంది. నేనే పడ్డాను, అతను పడటంలో వింతేముంది?"

"మా ఆవిడకి ఎలా చెప్పాలండీ? వాళ్ళ తమ్ముడు మొదటిసారి ఇచ్చిన గిఫ్టు."

"అది మీ ఇంటి సంగతి సార్," అంది ఆమె, ఆ రోజు మొదటిసారి మాట్లాడుతూ. "నా సంగతి చెప్పున్రి. మీ గ్రూపుల నన్ను దొంగనన్నరు. ఈడ నలుగురం కూచోని కాదంటే ఏం లాభం? యాడ అన్నరో ఆడనే కాదనాలె."

మేనేజరు ఏదో సర్దిచెప్పబోయాడు. ఏజెన్సీకి తాను ఫోన్ చేసి చెబుతానని, పని పోదని, గ్రూపులో మళ్ళీ ఎందుకు రేపడమని. ఆమె అతని వైపు చూడలేదు. ఆ అబ్బాయి వైపే చూసింది.

అతను తల దించుకున్నాడు. "నిజమేనమ్మా," అన్నాడు. "నేనే పెడతాను." అక్కడే నిలబడి టైపు చేశాడు. ఇంగ్లీషులో మొదలుపెడితే ఆమె, "తెలుగుల రాయున్రి, నా బిడ్డతోని చదివిచ్చుకుంట," అంది. అతను చెరిపేసి తెలుగులో రాశాడు. ఇయర్‌బడ్స్ మొదటి నుంచీ నకిలీవేనని, వాటిని నిజాయితీగా తెచ్చి ఇచ్చిన మనిషి మీద తాను పొరపాటుగా అనుమానపడ్డానని, క్షమించమని. పంపే ముందు నాకు చూపించాడు. 'నిజాయితీ'లో దీర్ఘం సరిచూసి తిరిగిచ్చాను. అలవాటు.

నా వంతు మిగిలింది. రిజిస్టరు తీసి ఆ వరస ముందు కూచున్నాను. అక్కడ 'అసలైనవి' అన్న మాట మీద ఒకే ఒక గీత, కింది అక్షరాలు చదవగలిగేలా, అడ్డంగా గీశాను. పక్కన రాశాను: "తప్పు. నంబరు ఒక్కటే చూసి రాశాను. డబ్బా అడుగు, కుడి పక్క, ఇయర్‌బడ్ల మీది సంఖ్యలు చూడలేదు. ఫోటోలను బట్టి నాకు అప్పగించినప్పుడే ఇవి నకిలీ. తెచ్చి ఇచ్చినామె తప్పు ఏమీ లేదు." తేదీ, సంతకం. మేనేజరును సాక్షిగా పెట్టమన్నాను. అతను రెండుసార్లు చదివి పెట్టాడు.

ఆమెకు చదివి వినిపించాను. "'తప్పు' అన్నది ముందుగాల రాసిన్రు," అంది. "మంచిగుంది."

సోమవారం ఆమె ఎప్పటిలాగే ఏడింటికి వచ్చి ఆఫీసు తాళం తీసింది. బీరువా చెవి మేకు మీద నుంచి నా జేబులోకి మారింది. ఆ మార్పు ఆమే అడిగింది.

రిజిస్టరులో ఇప్పుడు ఆఖరి గడిని రెండుగా చీల్చాను. ఒకదాంట్లో కంటికి కనిపించింది రాస్తాను, రెండోదాంట్లో నేను అనుకున్నది. ఇయర్‌బడ్స్ వస్తే రెండో గడి ఖాళీగా వదిలేస్తాను. అసలో నకిలీయో తేల్చుకోవడం పోగొట్టుకున్నవాళ్ళకు అవసరమైతే ఫోటోలు ఇస్తాను. చందానగర్ దుకాణం దారి కూడా చెబుతాను.

ఈ మధ్య ఒక ఉదయం ఆమె స్విమ్మింగ్ పూల్ దగ్గర దొరికిందని మరో డబ్బా తెచ్చింది. ఈసారి నల్లటిది, ఏదో వేరే రకం. నేను సొరుగులోంచి గ్రాఫు కాగితం తీసేలోపే ఆమె డబ్బాను బోర్లించి, అడుగు పైకి పెట్టి బల్ల మీద ఉంచింది.

"ముందుగాల ఇటు దిక్కు తియ్యున్రి సార్," అంది.

తీశాను.